పొట్టి వరి: ఇచ్చిందెంత, తీసుకున్నదెంత

వరి చేను పడిపోతే ఏమవుతుందో గోదావరి డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు. కార్తీకమాసంలో వాయుగుండం పట్టి రెండు రోజులు ఈదురుగాలితో వాన కొట్టిందంటే, కంకుల బరువుకి దుబ్బులు ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి. అడుగున పడ్డ ఆకుకు ఎండ తగలదు. పాలు పోసుకున్న గింజ నిండక తాలుగా మిగులుతుంది. నిండిన గింజ నీళ్లలో నాని కంకి మీదే మొలకెత్తుతుంది. మిగిలింది కోయడానికి కూలి ఖర్చు పెరుగుతుంది, ఆ ధాన్యానికి మిల్లరు ధర తగ్గిస్తాడు.

హరితవిప్లవం కథ చెప్పేవాళ్లు చాలామంది మెక్సికో గోధుమతోనో, ఢిల్లీ మంత్రుల నిర్ణయాలతోనో మొదలుపెడతారు. అవి ముఖ్యమే. కానీ అన్నం తినేవాళ్లకు ఆ కథ ఈ పడిపోయిన చేను దగ్గరే మొదలవుతుంది. 1960ల దాకా మన పొలాల్లో ఉన్న వరి రకాలు నిలువెత్తు మొక్కలు. ఐదడుగులు దాటి, కొన్ని మనిషిని ముంచేంత ఎత్తు పెరిగేవి. తక్కువ సారమున్న నేలలో, కలుపుతో పోటీ పడుతూ, వరద నీళ్లలో తల పైకి పెట్టుకుని బతకడానికి ఆ ఎత్తు పనికొచ్చేది. అవి వేల ఏళ్లుగా రైతులు ఏరుకున్న రకాలు, తెలివితక్కువగా ఏరుకున్నవేమీ కావు. చిక్కల్లా నత్రజని దగ్గర వచ్చింది. ఎరువు కాస్త ఎక్కువ వేస్తే మొక్క ఆ బలాన్ని గింజకు కాకుండా గడ్డికి పెట్టేది. ఇంకా పొడుగు పెరిగి, ఇంకా ముందుగా పడిపోయేది. హెక్టారుకు 30, 40 కిలోల నత్రజని దాటితే దిగుబడి పెరగకపోగా తగ్గేది.

ఇందుకు సాక్ష్యం మన దగ్గరే ఉంది. 1960-61లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో కేంద్ర ప్రభుత్వం సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకం మొదలుపెట్టింది. జనం నోట అది ప్యాకేజీ ప్రోగ్రాం. మొదట ఎంపికైన ఏడు జిల్లాల్లో లూథియానా, తంజావూరులతో పాటు పశ్చిమగోదావరి ఒకటి. ధవళేశ్వరం ఆనకట్ట కాలవల నీరుంది, రైతుకు చేతిలో కాస్త డబ్బుంది, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒకేసారి అందిస్తే పంట ఎగబాకుతుందని లెక్క వేశారు. కొంత పెరిగింది గానీ అనుకున్నంత పెరగలేదు. నీరూ ఎరువూ అప్పూ అన్నీ ఉన్నాయి, వాటిని తట్టుకుని నిలబడే మొక్క మాత్రం లేదు.

ఆ మొక్క తైవాన్‌లో ఉంది. డీ-జియో-వూ-జెన్ అనే పొట్టి రకం అక్కడి రైతుల దగ్గర ఎప్పటినుంచో ఉండేది. దాన్ని ఒక స్థానిక రకంతో సంకరం చేసి, 1956లో తైచుంగ్ నేటివ్-1 అని విడుదల చేశారు. 1962లో ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో, అప్పుడే తెరుచుకున్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్ 38 సంకరాలు చేశాడు. ఎనిమిదోది పీటా అనే పొడుగు రకానికీ ఈ డీ-జియో-వూ-జెన్‌కూ చేసిన సంకరం. తొలి తరం మొక్కలన్నీ పొడుగ్గానే వచ్చాయి. రెండో తరంలో సుమారు పదివేల మొక్కలు పెంచితే నాలుగో వంతు పొట్టివి తేలాయి. అంటే పొట్టితనం ఒకే ఒక జన్యువు చేతిలో ఉందన్నమాట. అంత తేలిగ్గా పట్టుబడే గుణం దొరకడం పైరు ప్రజననం చేసేవాళ్లకు పెద్ద అదృష్టం. పొడుగువాటిని పీకేసి, పొట్టివాటి విత్తనం వరస వరసగా వేసుకుంటూ పోయారు. 288వ వరసలో మూడో మొక్క సంతానమే 1966 నవంబరులో ఐఆర్-8 పేరుతో బయటికొచ్చింది.

ఆ జన్యువు చేసే పని ఏమిటో 2002లో గానీ స్పష్టంగా తెలియలేదు. కాండం సాగడానికి మొక్కలో జిబ్బరెల్లిన్ అనే హార్మోను కావాలి. దాన్ని తయారుచేసే ఎంజైముల్లో ఒకటి డీ-జియో-వూ-జెన్‌లో చెడిపోయి ఉంది. అందుకే కణుపుల మధ్య దూరం తగ్గింది. ఆకులు, కంకులు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. మొక్క ఎత్తు సుమారు మీటరు దగ్గర ఆగింది. దీని ఫలితం రైతు లెక్కలో ఇలా ఉంటుంది. పాత రకంలో నేల పైనున్న మొక్క మొత్తం బరువులో గింజ వాటా మూడో వంతు ఉంటే ఎక్కువ. పొట్టి రకంలో అది సగానికి చేరింది. హెక్టారుకు 120 కిలోల నత్రజని వేసినా పైరు పడిపోదు. అది ఎకరాకు రమారమి 105 కిలోల యూరియా, నేటి 45 కిలోల బస్తాల్లో చెప్పాలంటే రెండు దాటి కొంచెం. లాస్ బాన్యోస్ మళ్లలో ఎస్.కె. డే దత్తా చేసిన పరీక్షల్లో ఐఆర్-8 ఎరువు లేకుండానే హెక్టారుకు 5 టన్నుల దాకా ఇచ్చింది. ఎరువు వేసి, పురుగూ కలుపూ లేకుండా చూసుకుంటే 10 టన్నులకు దగ్గరగా వచ్చింది. మన దేశ సగటు అప్పుడు హెక్టారుకు ఒక టన్ను బియ్యం.

ఇంకో గుణం గురించి తక్కువ చెప్పుకుంటారు గానీ డెల్టాకు అది పొట్టితనమంత ముఖ్యమైంది. పాత సార్వా రకాలు చాలావరకు పగటి పొద్దును బట్టి ఈనేవి. జూన్‌లో నాటినా ఆగస్టులో నాటినా, పొద్దు తగ్గే అక్టోబరు, నవంబరు వచ్చేదాకా పొట్టకు రావు. ఐఆర్-8కు పొద్దుతో పని లేదు. ఎప్పుడు నాటినా దాదాపు 130 రోజుల్లో కోతకొస్తుంది. కాలవలో నీరుంటే సార్వా కోసిన చేలోనే దాళ్వా పెట్టుకోవచ్చు. దాళ్వా అంతకుముందూ ఉంది గానీ, నిండా ఎండ కాసే ఆ కాలంలో పొట్టి వరి ఇచ్చినంత దిగుబడి ఏ రకమూ ఇవ్వలేదు. కాలవ చివరి ఊళ్లదాకా రెండు పంటల లెక్క అలా మొదలైంది.

1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువరైతు ఐఆర్-8 వేశాడు. ఆ చేను చూడ్డానికి జనం వచ్చారు. ఆయన దాన్ని విత్తనంగా కట్టి ఇతర రైతులకు అందించాడు. తర్వాత ప్రపంచ పత్రికలు ఆయన్ని మిస్టర్ ఐఆర్-8 అని రాశాయి. తమిళనాడులో ఒక రైతు ఆ ఏడు పుట్టిన కొడుక్కి ఐఆర్-ఎట్టు అనే పేరు పెట్టుకున్నాడు. పిల్లవాడికి వరి వంగడం పేరు పెట్టేంత మురిపెం ఎందుకో తెలియాలంటే ఆ రెండేళ్ల ముందరి సంగతి చూడాలి.

1965లో, 1966లో వానలు వరసగా మోసం చేశాయి. 1964-65లో 8.9 కోట్ల టన్నులున్న దేశపు తిండిగింజల ఉత్పత్తి మరుసటేడు 7.2 కోట్లకు పడిపోయింది. 1966లో దాదాపు కోటి టన్నుల ధాన్యం బయటినుంచి తెచ్చుకున్నాం. అందులో సింహభాగం పీఎల్-480 కింద అమెరికా గోధుమే. అధ్యక్షుడు జాన్సన్ ఆ ఓడలను నెలకింతని కొలిచి వదిలాడు. మన వ్యవసాయ విధానం ఆయనకు నచ్చాలి, వియత్నాం యుద్ధం మీద మన మాటలూ ఆయనకు నచ్చాలి. లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి ఒక పూట మానమని దేశాన్ని అడిగింది కూడా ఆ రోజుల్లోనే. వ్యవసాయ మంత్రి సి. సుబ్రహ్మణ్యం, శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం తెప్పించారు. దాన్ని తయారుచేసిన నార్మన్ బోర్లాగ్‌కు 1970లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. గోధుమ కథ వేరే వ్యాసం పట్టేంత ఉంది కాబట్టి దాన్ని ఇక్కడితో ఆపుతాను. ఈ మార్పుకు హరితవిప్లవం అన్న పేరు 1968 మార్చిలో విలియం గాడ్ అనే అమెరికన్ అధికారి ప్రసంగంలో పుట్టింది. ఎర్ర విప్లవం రాకూడదన్న ఉద్దేశం ఆ ప్రసంగంలో దాచకుండానే ఉంది.

అంత పేరొచ్చిన ఐఆర్-8 అన్నం మాత్రం ఎవరికీ నచ్చలేదు. గింజ లావు, పొట్ట తెలుపు ఎక్కువ. మరలో వేస్తే సగం నూకే. వేడిగా ఉన్నంతసేపు ఫరవాలేదు, చల్లారితే రాయి. మొలగొలుకుల అన్నం తిన్న నోటికి అది ఎక్కడం కష్టం. పైగా ఎండాకు తెగులుకు అది తేలిగ్గా లొంగేది. ఈ లోపాలను దిద్దే పనిలోనే మన శాస్త్రవేత్తల అసలు సామర్థ్యం కనిపిస్తుంది. 1965లో హైదరాబాదు కేంద్రంగా అఖిల భారత వరి పరిశోధన సమన్వయ పథకం మొదలైంది. అక్కడినుంచి 1968లో జయ వచ్చింది. మారుటేరు పరిశోధన స్థానం 1982లో ఎంటీయూ 7029, అంటే స్వర్ణను ఇచ్చింది. బాపట్ల 1986లో బీపీటీ 5204, సాంబ మసూరిని ఇచ్చింది. ఆ పొట్టితనాన్ని నిలుపుకుంటూనే సన్న గింజ, తినగలిగే అన్నం తెచ్చిన రకాలివి. స్వర్ణ బెంగాల్, ఒడిశా, బీహార్ దాకా పాకింది. ఈ రోజు అమెరికాలో తెలుగువాళ్లు సోనా మసూరి సంచీ పక్కన వెతుక్కునేది ఆ మసూరి కుటుంబపు బియ్యమే. వరి విషయంలో హరితవిప్లవాన్ని మనిలా నుంచి దిగుమతైన వస్తువుగా చెప్పేవాళ్లు మారుటేరును, బాపట్లను మరిచిపోతున్నారు.

ఇచ్చింది ఎంతో ఒక్క లెక్క చెబుతాను. 1964-65 మంచి వానల ఏడు. ఆ ఏడు హెక్టారుకు 1,078 కిలోల బియ్యం పండింది. 2023-24లో దేశం దాదాపు 13.7 కోట్ల టన్నుల బియ్యం పండించింది. పాత దిగుబడితో అంత పండించాలంటే 12.5 కోట్ల హెక్టార్లకు పైగా వరే వేయాలి. దేశంలో సాగయ్యే నేల అంతా కలిపితే సుమారు 14 కోట్ల హెక్టార్లు. అంటే పప్పు, పత్తి, నూనెగింజలు, కూరగాయలు అన్నిటికీ కలిపి కోటిన్నర హెక్టార్లు కూడా మిగలవు. లేదంటే అడవులు కొట్టాలి. ఇప్పుడు ఆ బియ్యం 4.8 కోట్ల హెక్టార్ల లోపే వస్తోంది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వగలిగిందంటే, దాని వెనక పొట్టి వరి పండిన డెల్టా మళ్లూ ఆ ధాన్యంతో నిండిన గిడ్డంగులూ ఉన్నాయి. హరితవిప్లవం వల్ల లాభపడింది పెద్ద రైతులేనన్న విమర్శలో నిజముంది. నీరూ అప్పూ ఉన్నవాడే ముందు ఎక్కాడు. కానీ కొనుక్కుని తినే కూలీ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలగడం చిన్న లాభం కాదు. దాన్ని కొట్టిపారేసే విమర్శకులతో నాకు పేచీ ఉంది.

ఇక తీసుకున్నదాని సంగతికొద్దాం. అన్నిటికంటే ముందు పోయింది గడ్డి. గింజ వాటా పెరిగిందంటే గడ్డి వాటా తగ్గినట్టే కదా. పొడుగు వరి గడ్డితో ఇళ్లు నేసుకునేవాళ్లు, పశువులను ఏడాదంతా మేపుకునేవాళ్లు. పశువులు తగ్గితే పెంట తగ్గింది. పెంట తగ్గితే నేలకు యూరియా బస్తా తప్ప దిక్కు లేకపోయింది. రెండు పంటల మధ్య వ్యవధి లేక జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నే అలవాటూ చాలాచోట్ల సన్నగిల్లింది.

దాని ఫలితం మొదట జింకు రూపంలో బయటపడింది. 1960ల మధ్యలో ఉత్తరప్రదేశ్ తరాయి ప్రాంతంలో కొత్త వరి ఖైరా అనే వింత జబ్బుతో గిడసబారిపోయింది. తెగులనుకుని మందులు కొట్టారు. 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే అది తెగులు కాదని, జింకు లోపమని నిరూపించాడు. ఇప్పటికీ మన పొలాల్లో దీన్ని గుర్తుపట్టొచ్చు. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో లేత ఆకు మొదట్లో నడి ఈనె పాలిపోతుంది. ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు లేస్తాయి. పిలకలు రావు, చేను ఒకచోట ఎదిగి ఒకచోట ఆగి మిట్టపల్లాలుగా కనిపిస్తుంది. యూరియా వేస్తే పచ్చబడదు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి వారం తేడాతో రెండు మూడుసార్లు పిచికారి చేస్తే తేరుకుంటుంది. కారణం సులువే. ఏడాదికి ఒక చిన్న పంట తీసుకుని పెంట వేసే రోజుల్లో నేలలోని జింకు సరిపోయేది. ఏడాదికి రెండు పెద్ద పంటలు తీసి మూడు పోషకాలే తిరిగిస్తే నాలుగోది అరిగిపోక ఏం చేస్తుంది? పైగా నిలవ నీటి మడిలో ఉన్న జింకు కూడా మొక్కకు సరిగా అందదు.

యూరియా లెక్కే తప్పింది. 1992లో ప్రభుత్వం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద అదుపు వదిలేసి యూరియా మీద మాత్రం ఉంచింది. ఈ మధ్య ఏళ్లలో 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలుంటే, 50 కిలోల డీఏపీ 1,350. రైతు ఏది ఎక్కువ వేస్తాడో వేరే చెప్పాలా? నీళ్లు నిలిచిన మడిలో చల్లిన యూరియాలో వరి తీసుకునేది 30, 40 శాతమే. మిగిలింది అమ్మోనియాగా, నత్రజని వాయువులుగా గాల్లో కలిసిపోతుంది, కొంత మురుగుకాలవలో పోతుంది. అదీగాక నత్రజని ఎక్కువైన పైరు ఆకు మెత్తబడి, ముదురాకుపచ్చగా గుబురెక్కుతుంది. అక్కడే పురుగు దిగుతుంది.

ఈ పురుగు కథను కాస్త నిదానంగా చెప్పాలి. హరితవిప్లవపు ఖర్చు ఎలా పుడుతుందో దీనిలో ఉన్నంత తేటగా మరో దానిలో కనిపించదు. పాత రోజుల్లో సుడిదోమ పేరున్న శత్రువేం కాదు. 1973 చివర కేరళలో అది వేల ఎకరాలను మాడ్చింది. ఆ తర్వాత ఏళ్లలో గోదావరి, కృష్ణా డెల్టాలూ దాని దెబ్బ తిన్నాయి. ఇది ఆకు మీద కనిపించే పురుగు కాదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. వారం తిరిగేసరికి చేలో అక్కడక్కడ గుండ్రంగా పసుపు పచ్చ మచ్చలు లేచి, అవి ఎండిపోయి, సుడి తిరిగినట్టు విస్తరిస్తాయి. మచ్చ కనిపించాక మందు కొట్టడం చాలావరకు దండగే. ఒత్తుగా నాటిన పొట్టి వరి, దండి యూరియా, ఎప్పుడూ నిలిచిన నీరు కలిసి దుబ్బు మొదట్లో గాలీ వెలుతురూ లేని తేమ గూడు కట్టిపెట్టాయి. సార్వా తర్వాత దాళ్వా, మళ్లీ సార్వా అని ఏడాదంతా మేత కూడా దొరికింది.

దీనికి మనం చేసిన విరుగుడు ఇంకో తప్పు. నాటిన నెలలోపే ఆకుమడత కనిపించిందని మందు కొట్టాం. ఆ మందుకు మొదట చచ్చేవి దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు. సుడిదోమ గుడ్లు ఆకు తొడిమ లోపల భద్రంగా ఉంటాయి, వాటికి మందు తగలదు. పిల్లలు బయటికొచ్చేసరికి కాపలా లేదు. ఒక తరం నెలలోపే పూర్తవుతుంది కాబట్టి రెండో తరానికే చేను నిండిపోతుంది. పీటర్ కెన్‌మోర్ అనే శాస్త్రవేత్త 1970ల చివర ఫిలిప్పీన్స్ మళ్లలో దీన్ని లెక్కలతో చూపించాడు. మందు కొట్టిన మడిలోనే దోమ పదులు, వందల రెట్లు పెరిగింది, కొట్టని మడిలో అదుపులో ఉంది. తట్టుకునే రకం ఉంటే చాలనుకున్నారు. 1973లో ఐఆర్-26 వచ్చింది. రెండు మూడేళ్లకే ఇండోనేషియాలో, ఫిలిప్పీన్స్‌లో దోమ ఆ రకాన్నీ జయించింది. చివరికి 1986 నవంబరులో ఇండోనేషియా ప్రభుత్వం వరి మీద 57 రకాల మందులను నిషేధించింది. పంట పోతుందని చాలామంది భయపడ్డారు. అక్కడ వరి ఉత్పత్తి ఆ తర్వాత కూడా పెరుగుతూనే వచ్చింది.

మన డెల్టాలో దీనికి మందుకంటే చవకైన ఉపాయాలున్నాయి. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదలాలి. గాలి ఆడుతుంది, మందు కొట్టాల్సి వస్తే మనిషి నడవడానికీ దారి ఉంటుంది. మధ్యమధ్య నీరు తీసి మడిని ఆరబెట్టాలి. నత్రజనిని మూడు దఫాలుగా వేయాలి. పిలకల దశ నుంచి వారానికొకసారి దుబ్బును వంచి తట్టి, నీళ్లలో పడే దోమల్ని లెక్కపెట్టాలి. పది, ఇరవై దాటుతుంటేనే మందు ఆలోచన. మారుటేరు ఇచ్చిన విజేత, కాటన్‌దొర సన్నాలు దోమను బాగానే తట్టుకున్నాయి. ఇవన్నీ తెలిసినా చాలా ఊళ్లలో ఎరువుల కొట్టువాడే ఇప్పటికీ డాక్టరు. అతనికి మందు డబ్బా అమ్మితేనే లాభం, కాలిబాట వదలమంటే పైసా రాదు.

నీటి ఖర్చు చూడాలంటే పంజాబ్ వెళ్లాలి. వరి ఆ రాష్ట్రపు పంట కాదు, అక్కడ అన్నం తినేవాళ్లూ తక్కువే. 1960-61లో అక్కడ వరి విస్తీర్ణం 2.27 లక్షల హెక్టార్లు. ఇప్పుడు 30 లక్షలు దాటింది. ఆ ధాన్యాన్ని దాదాపు అంతా ప్రభుత్వమే మద్దతు ధరకు కొంటుంది. 1997 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. ఏడాదికి భూమిలోకి ఇంకే నీటికంటే ఒకటిన్నర రెట్లకు పైగా తోడుతున్నారు. నీటిమట్టం దిగిపోతోందని 2009లో చట్టం తెచ్చి, జూన్ 10కి ముందు నాట్లు వేయకూడదన్నారు. మండు వేసవిలో ఆవిరయ్యే నీళ్లు మిగిలాయి. కానీ కోత కూడా వెనక్కి జరిగి, గోధుమ విత్తడానికి మూడు వారాల వ్యవధి కూడా లేకుండా పోయింది. యంత్రం కోసి వదిలిన మోళ్లను తీసే తీరిక లేక రైతు అగ్గిపెట్టె వాడుతున్నాడు. ఢిల్లీ పొగలో ఒక పాలు ఆ నీటి చట్టం నుంచి పుట్టింది. పంజాబ్ నడిచిన దారినే మనమూ నడుస్తున్నాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఉచిత కరెంటు వచ్చింది, తెలంగాణలో 2018 నుంచి అది 24 గంటలైంది. చెరువు కింద ఒక పంట వరి పండించుకుని, మెట్టలో జొన్న, కంది వేసుకున్న ఊళ్లలో ఇప్పుడు బోరు కింద రెండు పంటల వరి. రాతి నేలలో బోరు ఎండితే పక్కన మరో బోరు, దాని మీద అప్పు.

ఇంకా చప్పుడు లేకుండా పోయినవి జొన్న, సజ్జ, పప్పులు. 1960ల్లో దేశంలో 1.8 కోట్ల హెక్టార్లలో జొన్న ఉండేది, ఇప్పుడు 50 లక్షలు కూడా లేదు. 1961లో మనిషికి రోజుకు 69 గ్రాముల పప్పు అందుబాటులో ఉంటే, 2001కి అది 30 గ్రాములకు పడింది. తర్వాత కొంత కోలుకుంది గానీ పాత స్థాయికి రాలేదు. కడుపు నిండింది, పళ్లెంలో రకం తగ్గింది.

వీటిలో ఏవి విత్తనం చేసిన నష్టాలు, ఏవి ఆ తర్వాత మనం తీసుకున్న నిర్ణయాల నష్టాలు అని విడదీస్తే విషయం తేలికపడుతుంది. పొట్టి వరికి నీరు, నత్రజని కావాలి, అది దాని స్వభావం. పంజాబ్ బోర్లకు కరెంటు ఉచితంగా ఇవ్వమని అది అడగలేదు. యూరియాను చవగ్గా ఉంచి పొటాష్ ధర వదిలేయమనీ అడగలేదు. నెలలోపు పైరు మీద ఎండ్రిన్ కొట్టమని ఏ మారుటేరు శాస్త్రవేత్తా చెప్పలేదు. పొట్టి మొక్క వరదకు మునిగిపోతుందన్న లోపాన్ని కూడా శాస్త్రమే సరిదిద్దుకుంది. 2009లో విడుదలైన స్వర్ణ సబ్-1 రెండు వారాలు నీట మునిగినా తిరిగి లేస్తుంది. 1966లో ఆకలిని ఆపడానికి పెట్టిన ఏర్పాట్లను, గిడ్డంగులు నిండిన తర్వాత కూడా అలాగే నడపడమే మన తప్పు. 1980ల నాటికే దేశానికి తిండిగింజల కొరత తీరింది. అప్పుడే ధరలూ కొనుగోళ్లూ పప్పుల వైపు, చిరుధాన్యాల వైపు తిప్పి ఉంటే పంజాబ్ బోర్లు ఇంత లోతుకు వెళ్లేవి కావు.

ఇప్పుడు కేంద్రం ఇరవైకి పైగా పంటలకు మద్దతు ధర ప్రకటిస్తుంది. ఊళ్లో తూకం కాటా, గోనెసంచులతో కొనుగోలు కేంద్రం మాత్రం ఎక్కువగా వరికే తెరుచుకుంటుంది. ఆ వరికీ అది ఎప్పుడూ సరిగా నడవదు. గిట్టుబాటు కాక 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. జొన్నకు, కందికి, మినుముకు కూడా అదే ఊళ్లో, అదే కాటా మీద, చెప్పిన ధరకు కొనే ఏర్పాటు చేయకుండా, వరి మానేయమని రైతుకు చెప్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.